ప్రోమో కోడ్‌కు 41, లింక్‌కు 23: క్రియేటర్ ప్రచారం లెక్క తేల్చడం ఎలా

ఒక రీల్ ప్రచారం మూడు వారాలు నడిచింది. స్టోర్‌లో కోడ్ రిపోర్టు తీస్తే 41 ఆర్డర్లు. అనలిటిక్స్‌లో లింక్ రిపోర్టు తీస్తే 23. క్రియేటర్ రెండూ కలిపి 64 అంటుంది. దుకాణం యజమాని పెద్దదొక్కటే లెక్క అని 41 దగ్గర ఆగుతాడు. తీరా డబ్బు చేతికొచ్చిన ఆర్డర్లు చూస్తే 40 ఉంటాయి. ఆ 40లో పదకొండు మంది ఎప్పటినుంచో మన దగ్గరే కొంటున్నవాళ్లు.

ఈ మార్గదర్శిలో చెప్పేది ఈ అంకెల మధ్య దారి. కోడ్ ఏం చూస్తుంది, లింక్ ఏం చూస్తుంది, రెండూ చూడనిదేమిటి అన్నవి తెలిస్తే క్రియేటర్‌కు ఎంత ఇవ్వాలో, మళ్లీ పిలవాలో వద్దో నిర్ణయించుకోవచ్చు. ఉదాహరణగా గద్వాలలో ఒక చీరల దుకాణాన్ని ఊహించుకుందాం. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఉండే గద్వాల చీరలు సొంత వెబ్‌సైట్‌లో, వాట్సాప్‌లో, కౌంటర్ మీద అమ్ముతారు. శ్రావణమాసానికి మహబూబ్‌నగర్‌లో ఉండే ఒక రీల్స్ క్రియేటర్‌తో, నల్గొండకు చెందిన ఒక యూట్యూబ్ చానల్‌తో మాట్లాడుకున్నారు. దుకాణం, అంకెలు ఊహించినవే. ఇందులో వచ్చే చిక్కులు మాత్రం ఇలాంటి ప్రతి ప్రచారంలోనూ ఎదురవుతాయి.

మొదటి మెట్టు: రీల్ రాకముందే ఒప్పందం రాసుకోండి

లెక్క మీద గొడవలన్నీ ప్రచారం అయ్యాక మొదలవుతాయి. అందుకని నాలుగు సంగతులు ముందే వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా ఉండాలి.

ఒకటి, ఏ ఆర్డర్‌కు కమీషన్ అన్నది. ఆర్డర్ పడితేనా, పార్సిల్ చేరితేనా, వాపసు గడువు దాటితేనా? చీరల వ్యాపారంలో క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువ. ఇంటికొచ్చిన పార్సిల్ వద్దనే వాళ్లు ఉంటారు. అందుకే వాపసు గడువు దాటిన ఆర్డర్లకే కమీషన్ అని రాయండి. గడువు 7 రోజులైతే, చివరి ఆర్డర్ చేరిన 7 రోజుల తర్వాతే తుది లెక్క.

రెండు, ఒకరి లింక్‌తో వచ్చి ఇంకొకరి కోడ్ వాడితే ఆర్డర్ ఎవరిది? నా అభిప్రాయం కోడ్ ఎవరిదైతే వాళ్లదే. కోడ్ కస్టమర్ తన చేత్తో కొట్టింది, లింక్ ఎప్పుడో నొక్కింది. మీరు ఇంకో నియమం పెట్టుకున్నా తప్పు లేదు, కానీ ఇద్దరు క్రియేటర్లకూ ఒకే నియమం ఉండాలి.

మూడు, లింక్ నొక్కిన ఎన్ని రోజుల లోపు కొంటే లెక్క? 4,500 రూపాయల చీరను నొక్కిన నిమిషంలో కొనేవాళ్లు తక్కువ. ఇంట్లో చూపించాలి, రంగు మీద మాట్లాడుకోవాలి. పద్నాలుగు రోజులు సబబుగా ఉంటుంది. అయితే ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్, పేజీలోని స్క్రిప్టు దాచుకున్న కుకీని ఏడు రోజులకు మించి ఉంచదు. కాగితం మీద పద్నాలుగు రాసినా ఆ ఫోన్లలో మీకు కనిపించేది ఏడే.

నాలుగు, ఇది డబ్బు తీసుకున్న ప్రచారమని క్రియేటర్ స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల ప్రకారం డబ్బు, ఉచిత వస్తువు వంటి ప్రతిఫలం ఏది అందినా చూసేవాళ్లకు తెలియజేయాలి. కమీషన్‌తో పాటు ఒక చీర కూడా ఇస్తున్నారు కాబట్టి ఈ వాక్యం ఒప్పందంలో ఉండాల్సిందే.

రెండో మెట్టు: నోటితో చెప్పినా తప్పు పోని కోడ్

రీల్‌లో కోడ్‌ను నోటితో చెబుతారు. వినేవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. పాలమూరు అని చెబితే ఒకరు `PALAMUR` కొడతారు, ఒకరు `PALAMURU`, మరొకరు `PALAMOORU`. అందులో రెండు పని చేయవు. డిస్కౌంట్ రాక కొందరు వదిలేసి పోతారు, కొందరు కోడ్ లేకుండానే కొంటారు. ఈ రెండో రకం క్రియేటర్ తెచ్చిన గిరాకే, కానీ రిపోర్టులో కనపడదు.

అందుకని అందరూ ఒకేలా రాసే మాట తీసుకోండి. మన ఉదాహరణలో చీర మీది మామిడి పిందెను తలచుకుని రీల్స్ క్రియేటర్‌కు `MANGO10`, యూట్యూబ్ చానల్‌కు `LOTUS10` ఇచ్చారు. సున్నా, `O` అక్షరం పక్కపక్కన రాకుండా చూడండి. ఊరి పేరే కావాలనుకుంటే జనం రాయగల స్పెల్లింగులన్నీ విడివిడి కోడ్లుగా పెట్టి, రిపోర్టులో ఒకే పేరు కింద కలపండి. తప్పు కోడ్ కొట్టిన ప్రయత్నాలను మీ స్టోర్ రికార్డు చేస్తుందేమో చూడండి. చేస్తే వారానికొకసారి తిరగేయండి. అక్కడ కనిపించే తప్పుల్లోంచి కొత్త స్పెల్లింగు ఒకటి చేర్చవచ్చు.

కోడ్ సెట్టింగుల్లో ఒక కస్టమర్‌కు ఒక్కసారే, చివరి తేదీ, కనీస బిల్లు ఈ మూడూ పెట్టండి. ఇద్దరు క్రియేటర్లకు ఒకే కోడ్ ఇవ్వకండి. ఒకే క్రియేటర్ రీల్‌లోనూ యూట్యూబ్‌లోనూ చెబుతుంటే అక్కడ కూడా రెండు కోడ్లు ఉంటేనే ఏది పని చేసిందో తెలుస్తుంది.

మూడో మెట్టు: లింక్ తయారీ, ఫోన్‌లో పరీక్ష

లింక్ చివర తగిలించే గుర్తులు ఇలా ఉంటాయి:

```
https://example.com/gadwal?utm_source=ig_mango&utm_medium=influencer&utm_campaign=sravanam&utm_content=story1
```

ఎవరు అన్నది `utm_source`లో, స్టోరీనా బయోనా అన్నది `utm_content`లో పెట్టండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరువేరుగా లెక్కలోకి వస్తాయి. `IG_Mango`, `ig_mango` రిపోర్టులో రెండు వరుసలవుతాయి కాబట్టి అన్నీ చిన్న అక్షరాలే రాయండి. మీ సైట్ లోపల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోయే బ్యానర్లకు మాత్రం ఈ గుర్తులు ఎప్పుడూ పెట్టకండి. కస్టమర్ దాన్ని నొక్కగానే క్రియేటర్ పేరు చెరిగి, బ్యానర్ పేరు పడుతుంది.

లింక్ ఎక్కడ పని చేస్తుందో కూడా తెలిసి ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ రీల్ కింద క్యాప్షన్‌లో రాసిన లింక్ నొక్కితే తెరుచుకోదు. స్టోరీలో అంటించే లింక్ పని చేస్తుంది కానీ స్టోరీ 24 గంటలకు పోతుంది. యూట్యూబ్ పెద్ద వీడియో కింద వివరణలో లింక్ పని చేస్తుంది. షార్ట్స్ వివరణలో, కామెంట్లలో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే తెరుచుకోవు. అంటే షార్ట్స్, రీల్స్ మీద నడిచే ప్రచారానికి లింక్ రిపోర్టు పుట్టుకతోనే చిన్నది. కామెంట్‌లో "లింక్" అని రాస్తే మెసేజ్‌లో పంపే పద్ధతి చాలామంది క్రియేటర్లు పాటిస్తున్నారు. ఆ మెసేజ్ లింక్‌కు `utm_content=dm` అని వేరే గుర్తు ఇవ్వండి.

లింక్ ఇచ్చేముందు క్రియేటర్ తన స్టోరీని దగ్గరివాళ్లకే కనిపించేలా పెట్టి, అందులోంచి మీరు నొక్కి, చీర కార్ట్‌లో వేసి, నిజంగా డబ్బు కట్టి ఒక ఆర్డర్ చేయండి. కంప్యూటర్‌లో పరీక్షిస్తే సగం తప్పులు దొరకవు. పొట్టి లింక్ వాడితే అది అసలు పేజీకి దారి మళ్లించేటప్పుడు గుర్తులు జారిపోవచ్చు. పేజీ తెరుచుకున్నాక పైన అడ్రస్‌లో `utm_source` కనిపిస్తోందా అన్నదే చూడాల్సింది.

కొన్ని స్టోర్లలో లింక్ నొక్కితే కోడ్ దానంతటదే పడే ఏర్పాటు ఉంది. కస్టమర్‌కు సుఖం, స్పెల్లింగు తప్పులు ఉండవు. కానీ అప్పుడు కోడ్, లింక్ రెండు వేరువేరు సాక్ష్యాలు కావు. లింక్ నొక్కిన ప్రతివాళ్లూ కోడ్ రిపోర్టులో ఉంటారు, నోటితో విని కొట్టినవాళ్లు వీళ్లలో కలిసిపోతారు. దానికి మందు ఒక్కటే. లింక్‌తో పడే కోడ్ వేరు, నోటితో చెప్పే కోడ్ వేరు ఉండాలి.

నాలుగో మెట్టు: గుర్తును ఆర్డర్‌లోనే దాచండి

చాలామంది అనలిటిక్స్ రిపోర్టునే నమ్ముతారు. అక్కడ ఆర్డర్ లెక్కలోకి రావాలంటే కస్టమర్ డబ్బు కట్టాక మీ సైట్ ధన్యవాదాల పేజీ తెరుచుకోవాలి. మన దగ్గర ముందే డబ్బు కట్టేవాళ్లలో ఎక్కువమంది యూపీఐతో కడతారు. బ్రౌజర్ నుంచి ఫోన్‌పే లాంటి యాప్‌లోకి పోతారు, పిన్ కొడతారు, డబ్బు కట్టిన సంగతి అక్కడే తెలుస్తుంది, ఇక బ్రౌజర్‌కు తిరిగి రారు. ఆర్డర్ స్టోర్‌లో ఉంటుంది, అనలిటిక్స్‌లో ఉండదు. ఇంకో చిక్కు, తిరిగి వచ్చినవాళ్ల మూలం పేమెంట్ గేట్‌వే పేరుతో పడటం. గూగుల్ అనలిటిక్స్ సెట్టింగుల్లో `List unwanted referrals` అన్నచోట ఆ గేట్‌వే డొమైన్ చేర్చితే ఇది ఆగుతుంది.

మొదటి చిక్కుకు దారి, గుర్తును ఆర్డర్ వివరాల్లోనే పెట్టడం. కస్టమర్ సైట్‌లో అడుగుపెట్టగానే లింక్ గుర్తును దాచుకునే చిన్న స్క్రిప్టు ఇది:

```
const p = new URLSearchParams(location.search);
if (p.get("utm_source")) {
  localStorage.setItem("src", p.get("utm_source"));
  localStorage.setItem("src_at", Date.now());
}
```

దాచిన `src`, `src_at` విలువలను ఆర్డర్ ఫారంలో కనపడని గడిలోకి పంపమని మీ సైట్ చూసేవాళ్లకు చెప్పండి. రెండో విలువ ఎందుకంటే పద్నాలుగు రోజుల నియమం చూడాలంటే నొక్కిన తేదీ కావాలి. ఇక ఆర్డర్ నంబరు పక్కనే కోడ్, లింక్ రెండూ ఉంటాయి. ఇది చేయకపోతే తర్వాతి మెట్టు కుదరదు.

ఐదో మెట్టు: రెండు రిపోర్టులు కాదు, ఒకటే షీటు

స్టోర్ నుంచి ప్రచారం జరిగిన రోజుల ఆర్డర్లన్నీ దించుకోండి, కోడ్ వాడినవే కాదు. `A` గడిలో ఆర్డర్ నంబరు, `B`లో తేదీ, `C`లో కోడ్, `D`లో లింక్ గుర్తు, `E`లో ఫోన్ నంబరు, `F`లో ఆర్డర్ స్థితి. `G`లో ఈ ఫార్ములా:

```
=IF(AND(C2="MANGO10",D2="ig_mango"),"రెండూ",
 IF(C2="MANGO10","కోడ్ మాత్రమే",
 IF(AND(D2="ig_mango",C2=""),"లింక్ మాత్రమే",
 IF(D2="ig_mango","తగాదా",""))))
```

మన దుకాణానికి ఆ మూడు వారాల్లో వెబ్‌సైట్ ఆర్డర్లు 212. అందులో రెండూ ఉన్నవి 14. కోడ్ మాత్రమే ఉన్నవి 27. లింక్ మాత్రమే ఉన్నవి 7. రీల్స్ క్రియేటర్ లింక్‌తో వచ్చి `LOTUS10` కొట్టినవి 2, ఇవే తగాదా. 64 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. రెండూ ఉన్న 14 ఆర్డర్లు రెండుసార్లు లెక్కకొచ్చాయి. విడి ఆర్డర్లు 50. తగాదా ఉన్న రెండూ ముందు రాసుకున్న నియమం ప్రకారం యూట్యూబ్ చానల్‌కు పోయాయి. రీల్స్ క్రియేటర్‌కు 48.

"కోడ్ మాత్రమే" వరుస ఇంత పెద్దగా ఉండటం చూసి అనుమానపడకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో లింక్ నొక్కితే పేజీ ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. రెండు రోజుల తర్వాత అదే మనిషి క్రోమ్‌లో దుకాణం పేరు వెతికి వస్తే, పాత గుర్తు అక్కడ ఉండదు. రీల్ చూసింది కూతురు, కొన్నది తల్లి తన ఫోన్ నుంచి అయినా అంతే. స్క్రీన్‌షాట్ చూసి వచ్చినవాళ్లదీ అదే దారి. నిజంగానే క్రియేటర్ తెచ్చిన గిరాకీ ఈ వరుసలోనే ఎక్కువ ఉంటుంది. కోడ్ దొంగతనంగా బయటికి పోయినా ఈ వరుసలోనే చేరుతుంది. అందుకే శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. ఒకరు స్టోరీలోని లింక్‌ను అలాగే కాపీ చేసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే, గుర్తు కూడా లింక్‌తోపాటే పోతుంది. గ్రూపులో ఎవరు కొన్నా క్రియేటర్ ఖాతాలోనే. ఇది నాకు న్యాయంగానే కనిపిస్తుంది, ఆ మాట మొదలైంది అక్కడే కదా. కానీ నొక్కుల సంఖ్యను నమ్మవద్దు. వాట్సాప్‌లో లింక్ పెట్టగానే ముందస్తు బొమ్మ చూపించడానికి యాప్ తానే ఆ పేజీని తెరుస్తుంది. కొన్ని పొట్టి లింక్ సేవలు దాన్నీ ఒక నొక్కుగా లెక్కిస్తాయి.

ఆరో మెట్టు: తీసివేతలు, వరుసగా

మొదట స్థితి చూడండి. 48లో ఎనిమిది పార్సిళ్లు తిరిగొచ్చాయి. కొన్ని తలుపు దగ్గరే వద్దన్నవి, కొన్ని తర్వాత వాపసు చేసినవి. మిగిలినవి 40. ఒప్పందం ప్రకారం కమీషన్ వీటికే.

తర్వాత పాత కస్టమర్లు. గత రెండేళ్ల ఆర్డర్ల ఫోన్ నంబర్లు, వాట్సాప్, కౌంటర్ బిల్లులతో సహా, ఒక షీటులో వేయండి. ఒకచోట +91 ఉంటుంది, ఒకచోట మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి అన్నింటినీ చివరి పది అంకెలకు తేవాలి:

```
=RIGHT(SUBSTITUTE(E2," ",""),10)
```

ఇలా సరిపోల్చితే 40లో 11 మంది పాతవాళ్లు, 29 మంది కొత్తవాళ్లు. పాతవాళ్లు శ్రావణానికి ఎలాగూ కొనేవాళ్లేనా? అందరూ కాకపోవచ్చు. అయినా వాళ్లకు మనం ఇచ్చిన 500 రూపాయల తగ్గింపు, క్రియేటర్‌కు కట్టిన కమీషన్ రెండూ అనుమానం లోనివే.

మూడోది కోడ్ లీకు. మన ఉదాహరణలో పన్నెండో రోజున `MANGO10` ఒక కూపన్ల వెబ్‌సైట్‌లో తేలింది. కొనడానికి సిద్ధమై, డబ్బు కట్టే పేజీలో "కోడ్ ఉందా?" అన్న ఖాళీ గడి చూసి, ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చుకున్నవాళ్లు ఇలా వస్తారు. బ్రౌజర్‌కు తగిలించే కూపన్ టూల్స్ కూడా కోడ్లను తామే ప్రయత్నిస్తాయి. రీల్ చూసి రాలేదు వాళ్లు. ఎలా పసిగట్టాలంటే, దుకాణం పేరుకు పక్కన coupon అని పెట్టి మీరే వారానికోసారి వెతకండి. షీటులో కోడ్ మాత్రమే ఉన్న ఆర్డర్లను తేదీవారీగా పేర్చండి. క్రియేటర్ ఏ పోస్టూ పెట్టని రోజుల్లో కూడా కోడ్ ఆగకుండా కదులుతుంటే అనుమానించండి. పిన్‌కోడ్ చూడండి. తెలంగాణ పిన్‌కోడ్లు 50తో, ఆంధ్రప్రదేశ్‌వి 51 నుంచి 53తో మొదలవుతాయి. తెలుగు రీల్‌కు సంబంధించిన కోడ్ ఉన్నట్టుండి ఢిల్లీ, జైపూర్ పిన్‌కోడ్ల నుంచి రావడం మొదలైతే దారి వేరే ఉందని అర్థం. తెలుగువాళ్లు అక్కడా ఉన్నారు కాబట్టి ఇది అనుమానమే తప్ప రుజువు కాదు.

పన్నెండో రోజు తర్వాత వచ్చినవి, లింక్ లేనివి, కొత్త కస్టమర్లవి, పిన్‌కోడ్ దూరానిది లేదా మూలం కూపన్ సైట్‌ది అయినవి మన షీటులో 8. వీటిని కొట్టేయకండి, "సందేహం" అని పక్కన పెట్టండి. గట్టిగా చెప్పగలిగినవి 21. లీకు కనబడగానే ఆ కోడ్ ఆపేసి, క్రియేటర్‌కు కొత్తది ఇచ్చి స్టోరీలో చెప్పమనండి. కొత్త కోడ్ వాడకం, పాతదానికి ఇంకా వస్తున్న విఫల ప్రయత్నాలు పక్కపక్కన పెడితే లీకు ఎంత ఉందో మరింత తేటగా తెలుస్తుంది. లీకైనందుకు క్రియేటర్‌ను నిందించవద్దు. బహిరంగంగా చెప్పిన కోడ్ ఎవరైనా రాసిపెట్టగలరు.

ఏడో మెట్టు: డబ్బు లెక్క, ఒక అంకెగా కాదు

చీర ధర 5,000. కోడ్‌తో 4,500. చీర ఖర్చు, ప్యాకింగ్, కొరియర్ పోగా ఆ ఆర్డర్‌పై మిగిలేది 1,100. కోడ్ లేకుండా కొంటే 1,600 మిగులుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి లింక్ మాత్రమే ఉన్న ఆర్డర్లను కూడా ఇక్కడ కోడ్ ధరకే వేద్దాం.

ఖర్చు ఇలా ఉంది. క్రియేటర్‌కు ఇచ్చిన మొత్తం 14,000. ఇచ్చిన చీర మనకు పడిన ధర 3,200. 4,500 మీద 5 శాతం కమీషన్ అంటే 225, నలభైకి 9,000. తిరిగొచ్చిన ఎనిమిది పార్సిళ్ల రానుపోను కొరియర్ ఒక్కోదానికి 200 చొప్పున 1,600. మొత్తం 27,800.

నలభై ఆర్డర్లూ క్రియేటర్ పుణ్యమే అనుకుంటే 44,000 మిగులు, ఖర్చు పోను 16,200 లాభం. పాతవాళ్లు ఎలాగూ కొనేవాళ్లే అనుకుంటే కొత్తవాళ్ల 29 ఆర్డర్లపై 31,900. అందులోంచి 27,800 తీసేయాలి, పదకొండు మందికి ఊరికే ఇచ్చిన తగ్గింపు 5,500 కూడా తీసేయాలి. అప్పుడు 1,400 నష్టం. సందేహం ఉన్న ఎనిమిదినీ పక్కన పెడితే 21 ఆర్డర్లపై 23,100, అందులోంచి 27,800, పందొమ్మిది మంది తగ్గింపు 9,500 తీసేస్తే 14,200 నష్టం.

ఇదే షీటు, ఇదే ప్రచారం. లాభం 16,200 నుంచి నష్టం 14,200 దాకా. రిపోర్టులో ఒక్క అంకె మాత్రమే రాసేవాళ్లు ఈ మూడింట్లో తమకు నచ్చినదాన్ని ఎంచుకుంటున్నారన్నమాట. మూడూ రాయండి.

ఎనిమిదో మెట్టు: షీటులో అసలు లేని గిరాకీ

ఇప్పటిదాకా తీసివేతలే చేశాం. కానీ ఊళ్లో దుకాణానికి పెద్ద గుడ్డిమచ్చ ఇంకోవైపు ఉంది. రీల్ చూసినవాళ్లలో చాలామంది వెబ్‌సైట్‌కు రానే రారు. రీల్ స్క్రీన్‌షాట్ తీసి దుకాణం వాట్సాప్ నంబరుకు పంపి "అన్నా, గీ చీర ఉన్నదా? ఎంతకిస్తరు?" అని అడుగుతారు. వనపర్తి నుంచో అలంపూర్ నుంచో బస్సెక్కి నేరుగా కౌంటర్‌కు వస్తారు. వీళ్లకు కోడ్ లేదు, లింక్ లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు, కానీ అడిగే తీరు ముఖ్యం. "రీల్ చూసి వచ్చిన్రా?" అని అడిగితే మర్యాదకు అవునంటారు. "మా దుకాణం గురించి ఎట్ల తెలిసింది?" అని అడిగి, వాళ్లు చెప్పిన మాటే రాయండి. కౌంటర్‌లో బిల్లు పుస్తకం పక్కన గీతలు గీసే నాలుగు గడులు: రీల్, యూట్యూబ్, తెలిసినవాళ్లు చెప్పారు, ఎప్పుడూ కొంటాం. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వస్తే అడగనక్కరలేదు, చాట్‌కు లేబుల్ పెడితే సరి. అడగనివాళ్ల సంఖ్య కూడా రాయండి, లేకపోతే గీతల అంకెకు అర్థం ఉండదు.

మన దుకాణంలో ఆ మూడు వారాల్లో వాట్సాప్ ఆర్డర్లు 60. అడిగింది 44 మందిని. 13 మంది రీల్ అన్నారు, అందులో 5 పాత నంబర్లు. కొత్తవాళ్లు 8. వీళ్లు పూర్తి ధరకే కొన్నారు కాబట్టి 1,600 చొప్పున 12,800. దీన్ని కలిపితే అందరికన్నా కఠినమైన లెక్క 14,200 నష్టం నుంచి 1,400 నష్టానికి తగ్గింది. మధ్య లెక్క 1,400 నష్టం నుంచి 11,400 లాభానికి పెరిగింది. పదముగ్గురినీ కలుపుకునే ఉదారమైన లెక్క 37,000 లాభం. అడగని 16 మందిని ఇందులో వేయలేదు. కౌంటర్ గీతలు వేరే వరుసలో రాశారు, ఎందుకంటే గిరాకీ ఎక్కువ ఉన్న రోజుల్లో ఎవరూ గీత గీయలేదు. సగం నిండిన లెక్కను పూర్తి లెక్కలో కలపకూడదు.

శ్రావణం వల్లా, రీల్ వల్లా?

పైన చేసిన కూడికలు, తీసివేతలు ఏవీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. కోడ్, లింక్, అడిగిన ప్రశ్న మూడూ "ఈ మనిషికి రీల్ తగిలింది" అని చెబుతాయి. రీల్ లేకపోతే ఆమె కొనేది కాదు అని చెప్పవు. వరలక్ష్మీ వ్రతం ముందు చీరల గిరాకీ ఎలాగూ పెరుగుతుంది. పోయిన నెలతో పోల్చి "రీల్ వల్ల పెరిగింది" అనడం పెద్ద పొరపాటు.

మన స్థాయిలో చేయగలిగింది ఒకటుంది. క్రియేటర్ పోస్టులన్నీ ఒకే వారంలో పెట్టించకుండా, వ్రతం దగ్గరపడని రోజుల్లో ఒకటి, మధ్యలో ఏ పోస్టూ లేని అయిదారు రోజులు, మళ్లీ ఒకటి అని విడదీయండి. కోడ్ ఆర్డర్లను కాకుండా మొత్తం ఆర్డర్లను, వాట్సాప్‌తో కలిపి, రోజువారీగా రాయండి. పోస్టు పడ్డాక మొత్తం పెరిగి, ఖాళీ రోజుల్లో తగ్గి, మళ్లీ పోస్టుకు పెరిగితే రీల్ ప్రభావం ఉందనడానికి బలం వస్తుంది. కోడ్ ఆర్డర్లు పెరిగి, మొత్తం ఎక్కడున్నది అక్కడే ఉంటే, ఎలాగూ కొనేవాళ్లే కోడ్ వాడుకున్నారన్న అనుమానం బలపడుతుంది.

దీని హద్దు కూడా తెలుసుకోవాలి. 21 రోజుల్లో 212 ఆర్డర్లంటే రోజుకు సుమారు పది. రోజుకు పది వచ్చేచోట ఏ కారణం లేకుండానే మూడు అటూఇటూ అవడం మామూలు. రీల్ రోజుకు రెండు ఆర్డర్లు తెస్తే ఆ ఊగిసలాటలో అది కనపడదు. ఒక్క పోస్టుతో రెండు రోజులు పాతిక చొప్పున వస్తే తప్పక కనిపిస్తుంది. చిన్న దుకాణాలకు ఒక్క ప్రచారంతో ఈ పరీక్ష తేలదు. అదే క్రియేటర్‌తో దసరాకు, ఉగాదికి కూడా ఇదే పద్ధతిలో రాసుకుంటూ పోతే మూడు ప్రచారాల షీట్లు కలిపి చూడవచ్చు. అందుకే గడుల పేర్లు, నియమాలు మధ్యలో మార్చకండి.

తొమ్మిదో మెట్టు: క్రియేటర్‌కు పంపే రిపోర్టు

కమీషన్ కట్టేది 40 ఆర్డర్లకే, 21కి కాదు. పాత కస్టమర్లు, లీకు మన లోపలి లెక్కలు. ఒప్పందంలో లేని తీసివేత డబ్బులిచ్చేటప్పుడు చేయకూడదు. క్రియేటర్‌కు పంపే పేజీలో ఆర్డర్ నంబర్ల చివరి మూడు అంకెలు, తేదీ, స్థితి, కమీషన్ ఉంటే చాలు. కస్టమర్ పేర్లు, ఫోన్ నంబర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి. తిరిగొచ్చిన ఎనిమిదీ, తగాదా ఉన్న రెండూ కారణంతో సహా చూపించండి. వాట్సాప్‌లో రీల్ చెప్పి కొన్న 13 మంది సంగతి కూడా రాయండి. ఆమెకు రావాల్సిన మంచి పేరు అది, దాని మీద కమీషన్ లేకపోయినా.

తర్వాతి ఒప్పందం మధ్య లెక్క మీద మాట్లాడతాను నేనైతే. మన దుకాణం విషయంలో అది 11,400 లాభం, కాబట్టి మళ్లీ పిలవాల్సిందే. కానీ షరతులు మారాలి. ముందిచ్చే మొత్తం 14,000 నుంచి 9,000కు దించి, కొత్త కస్టమర్ ఆర్డర్‌కు కమీషన్ 5 నుంచి 10 శాతానికి పెంచి, పాత కస్టమర్‌కు 2 శాతం పెట్టవచ్చు. ఇవే 40 ఆర్డర్లు మళ్లీ వస్తే 29కి 450 చొప్పున 13,050, 11కు 90 చొప్పున 990, ముందిచ్చిన 9,000 కలిపి 23,040 అవుతుంది. ఇప్పుడు ఆమెకు అందింది 23,000. తేడా నలభై రూపాయలే, కానీ కొత్తవాళ్లు ఎక్కువ తెస్తే ఆమెకూ ఎక్కువ వస్తుంది. పాత, కొత్త ఎలా నిర్ణయిస్తామో, గత రెండేళ్ల ఫోన్ నంబరు నియమం, మొదటి మెట్టులోని ఒప్పందంలో ఐదో వాక్యంగా చేరాలి. దసరా చీరలకు మాట్లాడుకునేలోపు ఈ షీటు ఆమెకు పంపితే, కమీషన్ గురించి బేరం కూడా ఆ అంకెల మీదే నడుస్తుంది.